వినగానే రాయగలిగే పేరు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కొత్తగా దుకాణం తెరవబోతున్నవాళ్లు, ఇంట్లో పట్టించిన కారమో, నేసిన బట్టో, చేసిన ఇత్తడి బొమ్మో బయటి ఊళ్లకు అమ్మాలనుకుంటున్నవాళ్లు ఈ ప్రసంగం వింటున్నారని అనుకుంటున్నాను. మీ వ్యాపారానికి పేరు ఎలా ఎంచుకోవాలన్నదే ఈ రోజు విషయం. ఇదివరకు పేరంటే బోర్డు మీద రాయించుకునేది. దారిన పోయేవాళ్లు చదివేవారు, లోపలికి వచ్చేవారు. ఇప్పుడు మీ పేరును హైదరాబాదులో ఒకరు ఫోన్లో వింటారు, షార్జాలో ఉన్న తమ్ముడికి చెబుతారు, ఆ తమ్ముడు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాడు. అతను కొట్టిన అక్షరాలు, మీరు తీసుకున్న వెబ్ అడ్రస్ ఒకటే అయితేనే మీ దగ్గరికి వస్తాడు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఏమీ దొరకదు, లేదా ఇంకొకరి దుకాణం తెరుచుకుంటుంది.

ఈ ఇబ్బంది ఎక్కడిదో తెలుసుకోవడానికి మన జిల్లాల పేర్లే చాలు. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. భూపాలపల్లిని ఇంగ్లీషులో రాయమంటే పేపర్లలో ఎక్కువగా Bhupalpally అని కనిపిస్తుంది. జిల్లా ప్రభుత్వ వెబ్‌సైట్ అడ్రస్ మాత్రం bhoopalapally.telangana.gov.in. మొదటి అక్షరం దగ్గర u బదులు రెండు o లు ఉన్నాయి, మధ్యలో ఇంకో a చేరింది. రెండూ తప్పు కావు. ‘భూ’ను రెండు రకాలుగా రాయొచ్చు. ‘పాల’ చివర a పెట్టొచ్చు, మానొచ్చు. ‘పల్లి’ని pally, palli, palle అని మూడు రకాలుగా రాయొచ్చు. రెండు, రెండు, మూడు గుణించండి, ఒక్క ఊరి పేరుకు పన్నెండు స్పెల్లింగులు తేలతాయి. మహబూబాబాద్ సంగతీ అంతే. Mahabubabad, Mahbubabad, Mahaboobabad, ఇంకా Mehboobabad అని కూడా రాసేవాళ్లున్నారు. జనగామను తెలుగులో ఒకలా పలుకుతాం, ఇంగ్లీషులో Jangaon అని వేరేలా రాస్తాం. చెవితో విన్నవాడికి చివరన o, n ఉన్నాయని ఎలా తెలుస్తుంది?

ఊరికి ఈ తిప్పలు వచ్చినా నష్టం లేదు. ఏ స్పెల్లింగుతో వెతికినా మ్యాపులో ఊరు దొరుకుతుంది. కొత్త దుకాణానికి ఆ సౌకర్యం లేదు. అందుకే పేరు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోమంటాను. ఈ పేరును చెవితో విన్న మనిషి, మళ్లీ అడగకుండా, ఒకే ఒక్క రకంగా రాయగలడా? అర్థం బాగుందా, శుభంగా ఉందా, బోర్డు మీద అందంగా ఉంటుందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోతే ఎంత దూరం పోతుందో మనవాళ్ల కంపెనీ కథే చెబుతుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా ఇంటర్నెట్ సేవల కోసం సత్యం ఇన్ఫోవే అనే కంపెనీ 1995లో మొదలైంది. ఆ పొడుగు పేరులోంచి కొన్ని అక్షరాలు ఏరుకుని వాళ్లు ‘సిఫీ’ అనే కొత్త మాట కట్టారు. ఇంగ్లీషులో s, i, f, y, నాలుగే అక్షరాలు. 1999లో sifynet.com లాంటి అడ్రసులు తీసుకున్నారు. పేరు పెట్టడంలో అదొక మంచి పని. ఏ నిఘంటువులోనూ లేని మాట కాబట్టి అది తమదేనని చెప్పుకునే వీలుంది. చిన్నది, గుర్తుండిపోతుంది.

తర్వాత, 2001లోనూ 2002లోనూ, ఇంకో సంస్థ siffynet.com, siffynet.net అనే అడ్రసులు తీసుకుంది. తేడా ఒక్క f. మా ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఈ పేరు వచ్చిందని ఆ సంస్థ వాదించింది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా స్టే ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు ఆ స్టేను కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004 మే 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెబ్ అడ్రస్ ఉత్త చిరునామా మాత్రమే అనుకోకూడదని, అది వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరు కూడా అని, ఒకరి పేరుతో ఇంకొకరు వ్యాపారం నడిపితే ట్రేడ్‌మార్క్ విషయంలో దొరికే రక్షణే దీనికీ దొరుకుతుందని తేల్చింది. ప్రమోటర్ల అక్షరాల వాదనను కోర్టు నమ్మలేదు. సత్యం ఇన్ఫోవే గెలిచింది. డొమైన్ పేర్ల తగాదాల్లో ఈ తీర్పునే ఇప్పటికీ చూపిస్తారు.

ఈ కేసును న్యాయవాదులు చట్టం కోసం చదువుతారు. నేను మీకు చెప్పేది స్పెల్లింగు కోసం. సిఫీ అన్న పేరు ఎవరితోనూ కలవని పేరు. ఆ పరీక్షలో నెగ్గింది. కానీ చెవితో విన్నవాడు ఒక f రాస్తాడో రెండు రాస్తాడో చెప్పలేం. అంటే వినికిడిలో ఒకటి, రాతలో రెండు. ఆ సందులోంచే రెండో సంస్థ వచ్చింది. పెద్ద కంపెనీ కాబట్టి మూడు కోర్టులు ఎక్కి గెలుచుకుంది. కేసముద్రంలో కారంపొడి అమ్ముకునే మనిషి సుప్రీంకోర్టు దాకా పోగలడా? పోలేడు. అతను ఆ సందే లేని పేరు మొదట్లోనే ఎంచుకోవాలి.

మరి ఏ అక్షరాల దగ్గర ఈ సందు వస్తుంది? తెలుగు మాటను ఇంగ్లీషులో రాసేటప్పుడు తడబాటు అంతటా రాదు, కొన్ని చోట్లే వస్తుంది. దీర్ఘాల దగ్గర వస్తుంది. కారంలోని ‘కా’కు ఒక a పెడతారా, రెండా? ‘ఈ’కి i పెడతారా, రెండు e లా? ‘ఊ’కి u పెడతారా, రెండు o లా? త, ట అక్షరాల దగ్గర వస్తుంది. త కోసం కొందరు t రాస్తారు, కొందరు th రాస్తారు. ద, డ కూడా ఇంతే. వ కోసం v, w రెండూ వాడతారు. శ కోసం s, sh రెండూ వాడతారు. మాట ఎ తో మొదలైతే ముందు y పెట్టేవాళ్లు ఉంటారు, పెట్టనివాళ్లు ఉంటారు. ‘ఎర్ర’ను erra అనీ yerra అనీ రాస్తారు. ఒత్తులున్న ఖ, ఘ, భ లాంటి అక్షరాల పక్కన h ఉంటుందా లేదా అన్నది రాసేవాడి ఇష్టం. మాట చివర ‘ఇ’ వస్తే i రాయొచ్చు, y రాయొచ్చు.

ఈ చోట్లను వదిలేస్తే మిగిలేవి నమ్మకమైన అక్షరాలు. క, గ, జ, న, ప, బ, మ, ర, ల. వీటిని దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. హ్రస్వాలు కూడా అంతే. కాబట్టి పేరులో దీర్ఘాలు తగ్గించి, ఈ అక్షరాలతో రెండు మూడు అక్షరాల చిన్న మాట ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడుద్దాం. కేసముద్రం దగ్గర ఒక ఊళ్లో అక్కాచెల్లెళ్లు ఇద్దరు కారంపొడి వ్యాపారం మొదలుపెడుతున్నారనుకోండి. మిరపకాయలు అక్కడే దొరుకుతాయి. పాకెట్లు కట్టి జనగామలో, హనుమకొండలో, హైదరాబాదులో అమ్మాలని, ఫోన్ మీద ఆర్డర్లు తీసుకోవాలని ఆలోచన. పేరు కావాలి.

అక్క ముందుగా దేవుడి పేరు అంటుంది. సహజమే. మహబూబాబాద్ వైపు కురవి వీరభద్రస్వామి, జనగామ వైపు పాలకుర్తి సోమేశ్వరస్వామి, భూపాలపల్లి వైపు కాళేశ్వర ముక్తీశ్వరస్వామి. ఈ దేవుళ్ల పేర్లతో కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, హోటళ్లు వీధివీధినా ఉన్నాయి. భక్తి మంచిదే, కానీ ఆ పేరుతో మీ దుకాణాన్ని పక్క దుకాణం నుంచి వేరు చేయలేం. వీరభద్రలో ‘వీ’ దగ్గర ఒక తడబాటు, ‘భ’ దగ్గర ఒకటి, ‘ద్ర’ దగ్గర ఒకటి. పైగా చట్టం కూడా సాయం రాదు. రామాయణం అన్న మాటను అగరుబత్తీలకు తన సొంత ట్రేడ్‌మార్క్‌గా ఒక వ్యాపారి అడిగితే, అందరికీ చెందిన పవిత్ర గ్రంథం పేరు మీద ఒక్కరికే హక్కు కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. దేవుడి పటం దుకాణంలో పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టండి. వ్యాపారం పేరు మాత్రం మీ ఒక్కరిదయ్యేలా చూసుకోండి.

చెల్లెలు ‘మానుకోట మిర్చి’ అంటుంది. మహబూబాబాద్‌ను మనమంతా మానుకోట అంటాం కదా, వినగానే సొంతంగా అనిపిస్తుంది. ఇందులో చిక్కేమిటంటే ఊరి పేరు, సరుకు పేరు తప్ప మరేమీ లేదు. సరుకు ఎలాంటిదో, ఎక్కడిదో మాత్రమే చెప్పే మాటలను ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వకూడదని 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి మీరే గుర్తొచ్చే స్థితికి తెస్తే మినహాయింపు ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది అందదు. రేపు ఇంకొకరు ‘మానుకోట కారం’ అని పాకెట్ వేస్తే ఆపడం కష్టం.

ఊరి పేరు విషయంలో ఇంకో మాట చెప్పాలి. జనగామ పక్కన పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. జీఐ ట్యాగ్ అంటాం కదా, అది. మన వైపు పండే వరంగల్ చపాట మిర్చికి కూడా 2025లో ఆ గుర్తింపు వచ్చింది. ఈ పేర్లు అక్కడి కళాకారులందరివీ, రైతులందరివీ. ఒక్క దుకాణం వాటిని తన ట్రేడ్‌మార్క్‌గా రాయించుకోవడానికి వీల్లేదు. అర్హత ఉన్నవాళ్లు వాడుకదారులుగా నమోదై, పాకెట్ మీదో బొమ్మ మీదో ఆ గుర్తు వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. అది సరుకు పుట్టుకను చెబుతుంది. అమ్ముతున్నది ఎవరో చెప్పడానికి దాని పక్కన మీ సొంత పేరు ఉండాలి.

తర్వాత ‘ఎర్ర బంగారం’ అనుకున్నారు. మిర్చిని పేపర్లవాళ్లు అలాగే అంటారు. అందరూ అంటారు కాబట్టే ఆ మాట ఎవరిదీ కాదు. పైగా మొదట్లో y ఉందా లేదా, ‘గా’కు ఎన్ని a లు అన్న తడబాట్లు రెండూ ఇందులోనే ఉన్నాయి.

చివరికి ‘కెంపు’ అనుకున్నారు. ఎర్రటి రత్నం. కారంపొడి రంగును గుర్తుచేస్తుంది కానీ కారం అని నేరుగా చెప్పదు. ట్రేడ్‌మార్క్ కార్యాలయానికి నచ్చేది ఇలాంటి పేరే. సరుకును వర్ణించకుండా మనసుకు తట్టించే పేరు. దీర్ఘం లేదు, ఒత్తు h లేదు, త లేదు, వ లేదు. k, e, m, p, u. కర్ణాటకలో అమ్మినా ఇబ్బంది లేదు, కన్నడంలో కెంపు అంటే ఎరుపే.

ఇక్కడ ఆగి ఫోన్ పరీక్ష పెట్టాలి. ఇది కాగితం మీద చేసేది కాదు, చెవితోనే చేయాలి. అక్క భూపాలపల్లిలో ఉన్న మేనత్త కొడుక్కి ఫోన్ చేస్తుంది.

“బావా, మా దుకాణం పేరు చెప్తా, ఇంగ్లీషుల కొట్టి నాకు వాట్సాప్‌ల పంపు. కెంపు ఫుడ్స్.”

“ఏంది, మల్లోసారి చెప్పు?”

“కెంపు. కెంపురాయి ఉంటది గదా, ఆ కెంపు.”

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మళ్లీ చెప్పమని అడిగాడు, దాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఫోన్లో ‘కెం’ అన్నది ‘పెం’లా కూడా వినిపించొచ్చు. రెండోది, అతను పంపిన స్పెల్లింగు. ఏ సాయమూ చేయకుండా ఏం రాశాడో అదే అసలు ఫలితం. ఇలా ఒకరితో సరిపెట్టకూడదు. ఓ పదిమందికి చేయాలి. బడికి పోయే పిల్లలు, పెద్దగా చదువుకోని పెద్దవాళ్లు, హైదరాబాదులో ఉద్యోగం చేసేవాళ్లు, తెలుగు రానివాళ్లు, అందరూ అందులో ఉండాలి. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది ఒకేలా రాస్తే పేరు నిలిచినట్టు. నాలుగు రకాలు వస్తే ఎంత ముద్దొచ్చినా ఆ పేరు వదిలేయాలి. మిగిలిన ఒకరిద్దరూ ఒకే తప్పు చేస్తే, ఆ తప్పు స్పెల్లింగును కూడా మీరే తీసుకుని అసలు అడ్రస్‌కు మళ్లించొచ్చు. అలా రెండుకు మించి తప్పు స్పెల్లింగులు కొనుక్కోవాల్సి వస్తే ఆ పేరు మీకు పనికిరాదనే నా అభిప్రాయం.

పేరు వెనక తోక తగిలించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. వెబ్ అడ్రస్‌లో ఖాళీ ఉండదు, మాటలన్నీ అతుక్కుపోతాయి. ‘రుచి ఇల్లు’ అని పెట్టుకుంటే ruchiillu అవుతుంది. మధ్యలో రెండు i లు పక్కపక్కన పడతాయి, సగంమంది ఒకటి మింగేస్తారు. మొదటి మాట ఏ అక్షరంతో ముగుస్తుందో రెండో మాట దానితో మొదలుకాకూడదు. నడుమ గీత పెడదామంటారు కొందరు. kempu-foods అని. చట్టరీత్యా, సాంకేతికంగా తప్పు లేదు. కానీ ఫోన్లో చెప్పేటప్పుడు “మధ్యలో గీత ఉంటది” అని ప్రతిసారీ చెప్పాలి. చెప్పడం మరిచిన రోజున గీత లేని అడ్రస్ ఉన్నవాడి దగ్గరికి మీ గిరాకీ పోతుంది. అంకెలు కూడా వద్దు. ‘నాలుగు’ అని వింటే అంకె కొడతాడో ఇంగ్లీషు మాట కొడతాడో తెలియదు. ‘ఫుడ్స్’ లాంటి మాట బడి పిల్లలకూ స్పెల్లింగు వచ్చిన మాట, అందుకే తోకకు అలాంటిదే మంచిది. ‘కారం’ అని తగిలిస్తే మళ్లీ ఒక a, రెండు a ల తగువు మొదటికొస్తుంది.

పేరు చెవి పరీక్ష దాటాక, ఖాళీగా ఉందో లేదో చూడాలి. చాలామంది నేరుగా డొమైన్ దొరుకుతుందా అని చూసి, దొరికితే పేరు మనదే అనుకుంటారు. అది చివర్లో చూడాల్సిన విషయం. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట బజారు చూడాలి. కేసముద్రం మార్కెట్లో, వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, కిరాణా కొట్ల అరల్లో ఉన్న కారం పాకెట్ల పేర్లు చదవాలి. ఎందుకంటే మన దేశంలో పేరును రిజిస్టర్ చేయించుకోకపోయినా, ముందునుంచి వాడుతూ పేరు తెచ్చుకున్నవాడికి హక్కు ఉంటుంది. ఇంటర్నెట్‌లో కనబడని చిన్న పాకెట్ కూడా రేపు మీకు అడ్డురావచ్చు. గూగుల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వెతకాలి, మ్యాపులో కూడా చూడాలి.

తర్వాత ట్రేడ్‌మార్క్ జాబితా. ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్స్ విభాగంలో పబ్లిక్ సెర్చ్ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ సరుకులన్నిటినీ, సేవలన్నిటినీ 1 నుంచి 45 వరకు తరగతులుగా విడగొట్టారు. కారంపొడి, మసాలాలు 30వ తరగతి. పచ్చళ్లు, నూనెలు 29. దుకాణం నడపడం 35. ఈ మూడింటిలోనూ చూడాలి. ఇక్కడ రెండు రకాల వెతుకులాట ముఖ్యం. అక్షరాలను బట్టి వెతికేది వర్డ్‌మార్క్, శబ్దాన్ని బట్టి వెతికేది ఫొనెటిక్. చాలామంది మొదటిదానితో ఆపేస్తారు. అసలు చూడాల్సింది రెండోది, ఎందుకంటే అధికారులు వినికిడిలో పోలికను కూడా చూస్తారు. మీరు k తో రాశారు, అవతలివాడు c తో రాశాడు అంటే ఒప్పుకోరు. మీ తరగతిలోనే అలాంటి పేరు కనిపిస్తే అక్కడితో ఆపి ఇంకో పేరు ఆలోచించాలి. ఏ ట్రాక్టర్ విడిభాగాలకో ఆ పేరు ఉంటే మాత్రం సాధారణంగా భయం లేదు. దేశమంతా ఎరిగిన పెద్ద పేరైతే వేరే తరగతిలో ఉన్నా ముట్టుకోవద్దు.

కంపెనీగా పెట్టాలనుకుంటే mca.gov.in లో కంపెనీ పేర్లు కూడా చూడాలి. అక్కడి నియమాలు ఈ స్పెల్లింగు ఆటలను ముందే ఊహించి రాసినవి. ఉన్న పేరుకు బహువచనం తగిలించినా, మాటల మధ్య ఖాళీ మార్చినా, మాటల వరుస తిప్పినా, స్పెల్లింగు కాస్త మార్చినా, చివర డాట్ కామ్ చేర్చినా కొత్త పేరుగా లెక్కపెట్టరు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. “నాకు ఈ పేరుతో జీఎస్టీ నంబరు వచ్చింది, ఉద్యమ్ సర్టిఫికెట్ వచ్చింది, కాబట్టి పేరు నాదే” అంటారు. అవి మీరు వ్యాపారం చేస్తున్నారని చెప్పే కాగితాలు. అదే పేరుతో పక్క మండలంలో ఇంకొకరికి కూడా అవే కాగితాలు వస్తాయి. పేరు మీద హక్కు ట్రేడ్‌మార్క్ వల్ల, వాడకం వల్ల వస్తుంది. ఒక్కరు గానీ, చిన్న వ్యాపారం గానీ ఆన్‌లైన్లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెడితే ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. పేరును తెలుగు లిపిలో పెడితే దాని ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లోనో హిందీలోనో రాసి, అర్థం కూడా ఇవ్వాలి. అక్కడ రాసిన స్పెల్లింగు, మీ వెబ్ అడ్రస్‌లోని స్పెల్లింగు ఒకటే ఉండేలా చూసుకోండి.

ఇవన్నీ దాటాక డొమైన్. అమ్మే కంపెనీల సైట్లలో పేరు కొడితే ఖాళీగా ఉందో లేదో చెబుతుంది. మన దేశానికి చెందిన డాట్ ఇన్, ప్రపంచమంతా తెలిసిన డాట్ కామ్, రెండూ ఖాళీగా ఉంటే రెండూ తీసుకోండి. ఎందుకంటే జనం చేయి అలవాటుగా డాట్ కామ్ మీదకే పోతుంది. మీకు డాట్ ఇన్ దొరికి, డాట్ కామ్‌లో ఇంకొకరు కారంపొడే అమ్ముతుంటే ఆ పేరు తీసుకోవద్దు. మీరు పంచిన ప్రతి కరపత్రం వాళ్లకు కూడా గిరాకీ పంపుతుంది. డాట్ కామ్ ఏ పనీ జరగని ఖాళీ పేజీ అయితే డాట్ ఇన్‌తో మొదలుపెట్టొచ్చు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని అడ్రస్ తీసుకునే వీలు కూడా ఉంది. స్పెల్లింగు తగువే లేని అడ్రస్ అది. కానీ చాలామంది ఫోన్లలో ఇంకా ఇంగ్లీషు కీబోర్డే వాడుతున్నారు కాబట్టి దాన్ని రెండో అడ్రస్‌గా పెట్టుకుని మొదటిదానికి మళ్లించడం మేలు.

డొమైన్ ఏడాది లెక్కన అద్దెకు తీసుకునేది. మొదటి ఏడాది తక్కువ ధర చూపి, రెండో ఏడాది నుంచి ఎక్కువ తీసుకునే కంపెనీలున్నాయి, పొడిగింపు ధర ముందే చదవండి. అంతకంటే ముఖ్యం, అది ఎవరి పేరున ఉందన్నది. సైట్ చేసిపెట్టే కుర్రాడు తన ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబర్‌తో డొమైన్ తీసుకుంటాడు. మూడేళ్ల తర్వాత అతను వేరే ఊరు పోతాడు. గడువు ముగుస్తోందన్న మెయిళ్లు అతనికే పోతాయి. డాట్ కామ్ గడువు దాటితే సైట్ ఆగిపోతుంది. తర్వాత 30 రోజుల విమోచన గడువులో అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే ఇంకో 5 రోజులకు అడ్రస్ మళ్లీ బజారులో పడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. కాబట్టి డబ్బు అతనితో కట్టించినా, యజమాని పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవే ఉండాలి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి.

ఇంకో ప్రశ్న మీలో కొందరికి వచ్చే ఉంటుంది. “మా నాన్నగారి కాలం నుంచి శ్రీ పాలకుర్తి సోమేశ్వర పేరుతోనే దుకాణం ఉంది, ఇప్పుడు ఏం చేయాలి?” అని. బోర్డు మార్చొద్దు. దాని మీద నమ్మకంతో వచ్చేవాళ్లు ఉన్నారు. ఆన్‌లైన్లో అమ్మే సరుకుకు మాత్రం ఒక చిన్న పేరు కట్టండి. చాలామంది మొదటి అక్షరాలు తీసి SPS అనో SVK అనో పెడతారు. అది పనికిరాదు. మూడక్షరాల డాట్ కామ్ పేర్లు మొత్తం 17,576, అన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి. పైగా ఫోన్లో ‘ఎస్’ విన్నవాడికి ‘ఎఫ్’ అనిపిస్తుంది, ‘పీ’ విన్నవాడికి ‘టీ’ అనిపిస్తుంది. సత్యం ఇన్ఫోవే చేసినట్టు పాత పేరులోంచి పలకగలిగే మాట ఒకటి కట్టండి. ‘సోమేశ్వర’లో శ, వ రెండూ తడబడే అక్షరాలే, కానీ అందులోంచి ‘సోమ’ తీసి దానికి మీ సొంత మాట ఒకటి కలపొచ్చు. కట్టిన మాటకు ఫోన్ పరీక్ష మాత్రం తప్పనిసరి. సిఫీ పేరులో సందు మిగిలింది అక్కడే.

పని వరుస మళ్లీ ఒకసారి చెబుతాను, రాసుకోండి. ముందు అయిదారు పేర్లు అనుకోండి, ఒక్కదాని మీదే మనసు పెట్టుకోవద్దు. వాటికి ఫోన్ పరీక్ష పెట్టండి. నెగ్గినవాటికి బజారు, ట్రేడ్‌మార్క్ జాబితా, కంపెనీ పేర్లు చూడండి. మిగిలినదానికి డొమైన్ చూసి, ఖాళీగా ఉంటే ఆ రోజే మీ పేరున తీసుకోండి. తీసుకునేదాకా వాట్సాప్ గ్రూపుల్లో ఆ పేరు చెప్పొద్దు. తర్వాత ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టండి. బోర్డు, పాకెట్లు, విజిటింగ్ కార్డులు అన్నిటికంటే చివర్న. ఇవి ముందు అచ్చు వేయించుకున్నవాళ్లు, ఖర్చు పోతుందని పనికిరాని పేరును పట్టుకుని వేలాడతారు. ఈ వరుసలో వెళితే పేరు మార్చుకోవాల్సి వచ్చినా, మీకు పోయేది నాలుగు ఫోన్ కాల్సే.